అమ్మిన తేదీ లేని లెక్క చీటీ: మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

గౌరవనీయులైన అయ్యా,

శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే కుటుంబం తరఫున నమస్కరించి వ్రాసుకుంటున్న లేఖ ఇది.

మా దుపట్టాలలో చాలావాటిని షోరూంలు కొనవు, కన్‌సైన్‌మెంట్ మీద పెట్టుకుంటాయి. అమ్ముడుపోయే దాకా సరుకు మాదే. అమ్మిన తరువాత షోరూం వారు ఏజెంటుగా తమ కమీషన్ మినహాయించుకొని మిగిలిన సొమ్ము పంపుతారు. ఊరూరా దుకాణం పెట్టే స్తోమత మాకు లేదు గనుక ఈ పద్ధతి మాకు అవసరమే. ఇబ్బందంతా వారు పంపే లెక్క చీటీతోనే.

నిరుడు ఆగస్టులో ఒక షోరూంకు 24 దుపట్టాలు పంపాము. ధర ఒక్కొక్కటి 3,000 రూపాయలు, కమీషన్ 25 శాతమని మాట. జనవరి చివర వచ్చిన చీటీలో, సంక్రాంతి తగ్గింపులో 15 దుపట్టాలు 2,400 చొప్పున అమ్ముడైనట్లు ఒకే వరుసలో వ్రాశారు. తగ్గింపు ఇవ్వడానికి మమ్మల్ని అడగనే లేదు. పైగా కమీషన్‌ను అమ్మిన ధర మీద గాక పాత 3,000 మీద లెక్కగట్టి, ఒక్కోదానికి 750 రూపాయలు పట్టుకున్నారు. 2,400 మీద 600 పట్టుకొని ఉంటే మాకు 27,000 రావలసింది, వచ్చినది 24,750.

అంతకంటే బాధ కలిగించిన సంగతి మరొకటి ఉంది. ప్రతి దుపట్టా అంచున ఒక సంఖ్య, మా ఫోన్ నంబరు కుట్టి పంపుతాము. అక్టోబరులోనే ఒకావిడ ఫోన్ చేసి, రంగు పోకుండా ఎలా ఉతకాలని అడిగారు. మూడు వేలు పెట్టి కొన్నానని కూడా చెప్పారు. ఆ సంఖ్య గల దుపట్టా ఆ షోరూంకు పంపినదే, కాని జనవరి చీటీలో అన్నీ 2,400కే అమ్మినట్లు ఉంది. ఆ ఫోన్ రాకపోతే మాకు తెలిసేదే కాదు.

అడిగితే సరైన లెక్క చూపడం ఏజెంటు విధి అని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 213వ సెక్షన్ చెబుతోంది. కాని రెండు వేల రూపాయల కోసం కోర్టుకు తిరిగితే కూలి పోతుంది. చిన్న పరిశ్రమలకు 45 రోజులలోపు చెల్లించాలనే 2006 నాటి చట్టం సరుకు కొన్నవారికి వర్తించేది. షోరూం వారు తాము కొనలేదని, అమ్మిపెట్టామని అంటారు.

అందుచేత మా విన్నపం ఇది. ప్రభుత్వ సహాయంతోనో, ప్రభుత్వ ప్రదర్శనలలోనో చేనేత, హస్తకళల సరుకు అమ్మేవారందరూ నెలనెలా ఒక నమూనా చీటీలో ప్రతి వస్తువు సంఖ్య, అమ్మిన తేదీ, అమ్మిన ధర, ఆ ధర మీద పట్టుకున్న కమీషన్ విడివిడిగా చూపాలని ఉత్తర్వు ఇవ్వండి. అమ్మిన తేదీ నుంచి 45 రోజుల గడువు ఏజెంట్లకు కూడా వర్తించేలా చట్టాన్ని సవరించమని కేంద్రానికి వ్రాయండి. మా సరుకు సంఖ్యల పుస్తకం, ఆ చీటీ రెండూ భద్రంగా ఉన్నాయి. తమరు కోరిన రోజున తెచ్చి చూపగలము.

ఇట్లు,
శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు