వెల్డర్ పరీక్ష కాగితం కాంట్రాక్టర్ ఫైల్లోనే ఉండిపోతే ఎలా?

సంపాదకుడు గారికి,

మన నల్లగొండ జిల్లా వెల్డర్లు గల్ఫ్ కంపెనీలకు పెట్టుకునే దరఖాస్తుల గురించి రాస్తున్నాను. ఐటీఐలో వెల్డింగ్ చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి, పంపేముందు 'సార్, ఒక్కసారి చూసిపెట్టండి' అని మిర్యాలగూడలో మా ఇంటికి వస్తుంటారు. దాదాపు అన్నింట్లో ఒకే మాట ఉంటుంది: 'అన్ని రకాల వెల్డింగ్ వచ్చు, 6జీ పాస్, నాలుగేళ్ల అనుభవం.' అవతల దాన్ని చదివే ఇంజనీరుకు ఇందులో పనికొచ్చేది చాలా తక్కువ.

6జీ అంటే పైపును 45 డిగ్రీల వాలులో బిగించి, అసలు తిప్పకుండా చుట్టూ వెల్డ్ చేయడం. అది పాసైతే మిగతా పొజిషన్లన్నీ వచ్చినట్టే లెక్క. కానీ ఏ సైజు పైపు మీద, ఏ పద్ధతిలో పాసయ్యాడన్నది కూడా చూస్తారు. ఆయిల్, గ్యాస్ పనుల్లో బాగా వాడుకలో ఉన్న ఏఎస్ఎంఈ కోడ్, సెక్షన్ 9 ప్రకారం 6 అంగుళాల పైపు మీద పరీక్ష ఇచ్చినవాడికి బయటి వ్యాసం 73 మిల్లీమీటర్లు, ఆపై పైపులకే అర్హత. 2 అంగుళాల పైపు బయటి వ్యాసం సుమారు 60 మిల్లీమీటర్లే, కాబట్టి అతను దాన్ని ముట్టుకోకూడదు. అదే 2 అంగుళాల మీద పాసైనవాడికి 25 మిల్లీమీటర్ల నుంచి పైనున్నవన్నీ కలిసొస్తాయి. చిన్న పైపు చేసినవాడికి గిరాకీ ఎందుకుంటుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈమధ్య హాలియా వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఖతార్ కంపెనీ వాళ్లు 2 అంగుళాల పరీక్ష రికార్డు అడిగారు. అతని దగ్గర ఉన్నది మొదటి కాంట్రాక్టర్ ఇచ్చిన 6 అంగుళాల జిరాక్సు. నిజానికి రెండో సైటులో 2 అంగుళాల మీద కూడా పాసయ్యాడు, ఎక్స్‌రే కూడా క్లియర్. ఆ కాగితం మాత్రం కాంట్రాక్టర్ క్వాలిటీ విభాగం ఫైల్లో ఉంది. పని అయిపోయాక సైటు ఆఫీసు ఎత్తేశారు. పిల్లవాడి చేతికి మిగిలింది గేట్‌పాస్. దాని మీద హోదా ఏమని ఉందనుకున్నారు? హెల్పర్!

అతని దరఖాస్తులో 'అన్ని రకాల' అన్నది కొట్టేసి ఇలా రాయించాను: 'రూట్ టిగ్, పైన 7018 ఎలక్ట్రోడ్‌తో ఆర్క్. కార్బన్ స్టీల్ పైపు, 2 అంగుళాలు, షెడ్యూల్ 80, మందం 5.5 మి.మీ., 6జీ.' రూట్ అంటే అతుకులో అన్నిటికంటే లోపల పడే మొదటి వరస; టిగ్, ఆర్క్ అన్నవి రెండు వేర్వేరు వెల్డింగ్ పద్ధతులు. పక్కన పరీక్ష తేదీ, టిగ్ చివరిసారి చేసిన నెల రాయించాను. ఆ నెల దాచిపెట్టే విషయం కాదు. ఒక పద్ధతిలో ఆరు నెలలు పని చేయకపోతే ఆ కోడ్ ప్రకారం అర్హత పోతుంది. ఊరికొచ్చి గేట్లు, గ్రిల్స్‌కు ఆర్క్ కొడుతున్నవాడికి ఆర్క్ అలవాటు తప్పదేమో గానీ, టిగ్ తప్పుతుంది. టెస్టుకు పిలిస్తే పైపు అడుగు భాగంలో రూట్ సరిగా దిగక దొరికిపోతారు.

అనుభవానికి రుజువుగా పీఎఫ్ యూఏఎన్ సర్వీసు హిస్టరీ జతచేయించాను. ఇద్దరు కాంట్రాక్టర్ల పేర్లు, చేరిన తేదీ, మానేసిన తేదీ అందులో ఉన్నాయి. అయితే చేసింది ఏ పనో అది చెప్పదు. ఆ లోటు తీర్చేది పరీక్ష రికార్డే. కొత్త కంపెనీ ఎలాగూ మళ్లీ టెస్ట్ పెట్టుకుంటుంది, పెట్టుకోవాలి కూడా. కానీ ఆ టెస్టుకు పిలవాలా వద్దా అన్నది ఈ కాగితం చూసే కదా!

ఇంకో చిన్న సంగతి. వెల్డర్ ట్రేడులో ఎనిమిదో తరగతితోనే చేరవచ్చు. పది పాస్ కాకపోతే పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ కింద వస్తుంది, గల్ఫ్‌కు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. ఐటీఐ సర్టిఫికెట్ ఉంది కదా అని దీన్ని చాలామంది పట్టించుకోరు. టికెట్ దాకా వచ్చాక టెన్షన్ పడతారు.

కాంట్రాక్టు కార్మికుడు అడిగితే చేసిన పని వివరాలతో అనుభవ పత్రం ఇవ్వాలని 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఉంది. అడగాలని పిల్లలకు తెలియదు, అడిగితే ఇచ్చేవాళ్లూ తక్కువే. జిల్లాలోని పవర్ ప్రాజెక్టులు, సిమెంటు ఫ్యాక్టరీల్లో ఆఖరి బిల్లు పాస్ చేసేముందు, ప్రతి వెల్డర్‌కు అనుభవ పత్రంతోపాటు పరీక్ష రికార్డు నకలు ఇచ్చినట్టు సంతకాల జాబితా పెట్టాలని కాంట్రాక్టర్లను అడగాలి. కార్మిక శాఖ, కలెక్టర్ గారు కలిసి చూడాల్సిన పని ఇది. నకలుకయ్యే ఖర్చు ఒక జిరాక్సు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఐటీఐ వెల్డింగ్ ఇన్‌స్ట్రక్టర్,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా