పర్యాటక శాఖ మంత్రి గారికి: ఆ సంతకం పెట్టించుకునే ముందు మాకు చెప్పాల్సింది చెప్పించండి

మంత్రి గారూ, నమస్కారం.

మాది శ్రీకాకుళం. మొన్న మా అక్క వాళ్లు వస్తే అందరం కలిసి వంశధార ఒడ్డున, గొట్టా బ్యారేజీకి దిగువన ఉన్న ఒక రిసార్టుకి వెళ్లాం. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఆ ఒక్కరిని పట్టుకుంటే తీరే సమస్య కాదిది.

తెడ్లతో నడిపే రబ్బరు పడవలో నదిలో తిప్పుతామన్నారు. డబ్బులు కట్టగానే కౌంటర్ దగ్గర కుర్రాడు ఒక కాగితం ఇచ్చి, "ఇక్కడో సంతకం పెట్టండి సార్, ఊరికే ఫార్మాలిటీ" అన్నాడు. పేజీ అంతా ఇంగ్లీషు. తెలుగు తప్ప మరో అక్షరం చదవలేని మా అమ్మ కూడా పెట్టేసింది. తర్వాత మా బావ చదివి చెబితే తెలిసింది, గాయమైనా ప్రాణం పోయినా, సిబ్బంది నిర్లక్ష్యం వల్ల జరిగినా సరే, రిసార్టుకి ఏ బాధ్యతా లేదని ఒప్పుకుంటున్నామట. ఆ నది ఎలాంటిదో, పడవ తిరగబడితే ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు.

తర్వాత లైఫ్ జాకెట్లు ఇచ్చారు. మా మేనకోడలికి తొమ్మిదేళ్లు, బక్క పిల్ల. దానికీ పెద్దవాళ్ల జాకెట్టే తొడిగి బెల్టు బిగించారు. నేను రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశాను, జాకెట్ చెవుల దాకా వచ్చేసింది. "మావయ్యా, నాకేటీ కనబడ్డం లేదు" అంది లోపల్నుంచి. నీళ్లలో పడ్డప్పుడు కూడా జరిగేది ఇదే, జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల అందులోంచి కిందికి జారిపోతుంది. చిన్నపిల్లల జాకెట్ బరువును బట్టి ఎంచుకోవాలి, కాళ్ల మధ్యనుంచి వెళ్లే పట్టీ ఉండాలి. ఆ సైజు లేకపోతే ఆ పిల్లని ఎక్కించకూడదు, అంతే. "ఏటీ అవదండి, రోజూ ఎక్కిస్తాం" అన్నాడు గైడ్.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి మన దగ్గరికొస్తుంది. మనకి ఎండ కాస్తుండగానే పైన కురిసిన వాన ఇక్కడ నీటిని పెంచేస్తుంది, ఆ పైన బ్యారేజీ గేట్లు ఎత్తితే మరీ త్వరగా. ఆ రోజు మేం చూస్తుండగానే నీళ్లు ఎర్రబడ్డాయి, పుల్లలు, నురగ కొట్టుకొస్తున్నాయి, కాసేపటి క్రితం పొడిగా ఉన్న బండరాయి సగం మునిగింది. ఇవి నది పెరుగుతోందనడానికి గుర్తులు, ఒడ్డున పుట్టిన ఎవరికైనా తెలుసు. బ్యారేజీ నుంచి ఈరోజు ఎంత వదులుతున్నారో కనుక్కున్నారా అంటే గైడ్ మేనేజర్ వైపు చూశాడు.

మేం ఎక్కలేదు. డబ్బు వెనక్కివ్వమంటే, సంతకం పెట్టేశారు కదా అన్నారు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. ప్రమాదం ఏంటో తెలిశాక కూడా వద్దనే హక్కు లేకపోతే దాన్ని అంగీకారం అని ఎలా అంటాం సార్?

పైగా పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల సంతకం కాంట్రాక్టుగా చెల్లదు. వినియోగదారుడి హక్కుల్ని బాగా దెబ్బతీసే ఏకపక్ష షరతుల్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందం అంటుంది, రాష్ట్ర కమిషన్ దగ్గర ఫిర్యాదు చెయ్యొచ్చు. కానీ ఈ విషయం ఎంతమందికి తెలుసు? మనవాళ్లని పోగొట్టుకున్న ఇంట్లో "మనమే సంతకం పెట్టాం కదా" అని ఊరుకుంటారు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు ఏం జరిగిందో రాష్ట్రమంతా చూసింది.

అందుకే ఒక నమూనా ఫారం తెలుగులో మీ శాఖే తయారుచేసి, అది వాడితేనే లైసెన్స్ అనండి. నేనైతే ఇలా రాస్తాను:

"ఈరోజు నీటి మట్టం, పైనుంచి వదిలే నీరు ఎంతో నాకు చెప్పారు. జాకెట్ నా ఒంటికి సరిపోయిందో లేదో భుజాల దగ్గర లాగి చూపించారు. నీళ్లలో పడితే నిలబడే ప్రయత్నం చెయ్యకుండా, వెల్లకిలా తేలుతూ, పాదాలు పైకెత్తి ప్రవాహం వెళ్లే వైపు పెట్టాలని, లేకపోతే కాలు రాళ్లలో ఇరుక్కుంటుందని చెప్పారు. పడవ కదిలే ముందు ఎప్పుడైనా వద్దనొచ్చు, డబ్బు మొత్తం తిరిగి ఇస్తారు. సిబ్బంది నిర్లక్ష్యానికి బాధ్యత రిసార్టుదే."

ఇదంతా ఒడ్డున, ఇంజిన్లు, పాటలు లేని చోట, గైడ్ నోటితో చెప్పాలి. చెప్పాక ఇద్దరు ముగ్గుర్ని "పడితే ఏం చేస్తారు?" అని తిరిగి అడగాలి. సంతకం ఆ తర్వాతే. పది నిమిషాల పని.

ఇంకొకటి. మా అమ్మ సంతకం చేసిన కాగితం ఇంకా వాళ్ల ఫైల్లోనే ఉంది, నకలు అడిగితే ఇవ్వలేదు. కొత్త ఫారంలో రెండో కాపీ మనిషి చేతికి ఇవ్వాలని కూడా రాయించండి.

ఇట్లు,
శ్రీకాకుళం వాసి