మంత్రిగారూ, ఆ 3.7 సగటు వెనక ఎనిమిది గంటలు దాగి ఉన్నాయి

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలు.

విశాఖ ఫిషింగ్ హార్బరులో చేపలు కొని, మా అమ్మతో కలిసి వ్యాపారం చేసుకునేవాణ్ణి. సబ్సిడీతో కట్టిన ఒక చిల్ రూమ్‌లో మా కానాగంతలు పాడయ్యాయని మూడు అర్జీలు పెట్టాను. మూడింటికీ మీ ఆఫీసు నుంచి వచ్చిన జవాబు ఒక్కటే: "సగటు ఉష్ణోగ్రత 3.7 డిగ్రీలు. నాలుగు లోపే ఉంది కాబట్టి పరిహారం రాదు." రుజువుగా, గది ఉష్ణోగ్రతను నమోదు చేసే లాగర్ స్క్రీన్‌షాట్ కూడా వాళ్లే పంపారు. దాన్ని చదివిన వాళ్లు ఒక్కరైనా ఉన్నారా అని నా బాధ.

అందులోని ఉష్ణోగ్రత గీతను నేను గంట గంటకీ చూశాను. 24 గంటల్లో 16 గంటలు గది 1 డిగ్రీ దగ్గరే ఉంది. మధ్యలో అరగంటేసి చిన్న చిన్న గుబ్బలు లేచాయి. కాయిల్ మీద పేరుకున్న మంచును మిషను కరిగించుకునేటప్పుడు అలా లేవడం మామూలే, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఒకచోట గీత గంటలో 10 డిగ్రీలకు ఎక్కి, ఆరు గంటలు అక్కడే ఉండి, మరో గంటకు గాని దిగలేదు. అది మిషను ఆగిపోయిన గుర్తు.

సాయంత్రం ఐదున్నరకి లోడింగ్ కోసం తలుపు తీశామని, అందుకే పెరిగిందని నిర్వాహకులు అన్నారు. స్క్రీన్ మూలన చిన్న అక్షరాల్లో UTC అని ఉంది సార్. అంటే అది అంతర్జాతీయ టైము, మన టైము రావాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. 17:30 అంటే మనకు రాత్రి పదకొండు. ఆ వేళ లోడింగ్ ఎవరూ చేయరు. ఆ రాత్రి కరెంటు పోయింది, జనరేటర్‌లో డీజిల్ లేదు. అలారం మెసేజీ ఉద్యోగం మానేసిన మనిషి ఫోనుకు వెళ్లింది.

ఇక సగటు సంగతి. చేప పాడయ్యే వేగం డిగ్రీలతో సమానంగా పెరగదు, అంతకంటే చాలా వేగంగా పెరుగుతుంది. నా ఫిషరీస్ డిప్లొమాలో నేర్పిన లెక్క ఇది: డిగ్రీలను పదితో భాగించి, ఒకటి కలిపి, వచ్చినదాన్ని దానితోనే గుణించాలి. ఐసులో, అంటే సున్నా డిగ్రీల దగ్గర, వేగం 1 అయితే 10 డిగ్రీల దగ్గర 4. ఆ ఆరు గంటలే ఐసులో 24 గంటలతో సమానం. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పోయిన రెండు గంటలు సుమారు 6 డిగ్రీల లెక్కన ఇంకో 5. మిగతా 16 గంటలకు 19. మొత్తం 48. గది బాగా నడిచి ఉంటే 29 అయ్యేది. ఒక్క రాత్రిలో చేప ఆయుష్షు 19 గంటలు తగ్గిపోయింది. అప్పటికే బోటులో మూడు రోజులు ఐసులో ఉన్న సరుకది. కానాగంతలు ఐసులో ఎక్కువ రోజులు నిలవవు.

లాగర్ కొలిచేది గాలిని, చేపను కాదు. ట్రేలో ఐసు ఉన్నంతసేపు చేప చల్లగానే ఉంటుంది. కాబట్టి నా లెక్క అత్యధిక నష్టానిది, నేను దాచను. అందుకే పొద్దున్నే ఆరున్నరకి చేప లోపలికి థర్మామీటర్ గుచ్చి చూశాను. కింది ట్రేల్లో ఐసు మిగిలే ఉంది, 1.5 డిగ్రీలు. పై ట్రేల్లో ఐసు కరిగి గులాబీరంగు నీళ్లయింది, చేప 7 డిగ్రీలు. కింది సరుకు అమ్ముకున్నాం. పైవి 14 ట్రేలు, 350 కిలోలు, పారబోశాం.

వాసన రాలేదు కదా, ఎందుకు పారబోశారని మీ ఆఫీసులో అడిగారు. కానాగంత నాలుగు డిగ్రీలు దాటి గంటల తరబడి ఉంటే హిస్టమిన్ అనే హానికర పదార్థం తయారవుతుంది. వాసన రాకముందే తయారవగలదు. తర్వాత ఐసు వేసినా, మళ్లీ ఫ్రీజ్ చేసినా, కూర వండినా అది పోదు. తిన్నవాళ్లకు ముఖం ఎర్రబడుతుంది, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. మా దగ్గర కొనేవాళ్లు ఏళ్ల తరబడి మా అమ్మ ముఖం చూసి కొంటున్నారు. ఏ ట్రేలో ఎంత తయారైందో టెస్టు చేయకుండా చెప్పలేం, ఆ టెస్టు మా చేతిలో లేదు. మేమెలా అమ్ముతాం సార్?

దయచేసి సగటు చూసి ఫైలు మూసేయకండి. నాలుగు డిగ్రీలు దాటి ఎన్ని గంటలు ఉందో చూడమని మీ అధికారులకు చెప్పండి. స్క్రీన్‌షాట్ కాదు, లాగర్‌లోని అసలు ఫైలు మాకు ఇప్పించండి. అలారం మెసేజీ సరుకు పెట్టిన వాళ్ల ఫోనుకు కూడా రావాలి. ఆ రాత్రి నాకు ఒక్క మెసేజీ వచ్చి ఉంటే, ఐసు తోలుకుని పన్నెండింటికే వెళ్లేవాణ్ణి. డీజిల్ పోయించమని ఎన్నిసార్లు అడిగామో లెక్కే లేదు, మళ్లీ అడుగుతున్నాను.

ఆ స్క్రీన్‌షాట్ ప్రింటు దీనికి జత చేశాను. రాత్రి పదకొండు దగ్గర పెన్నుతో సున్నా చుట్టాను. ఒక్కసారి మీరే చూడండి.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక చేపల వ్యాపారి