కలర్ అడిగితే ముందు ఈ మాటలు

అందరికీ నమస్కారం. రేపటి నుంచి కలర్‌కి వచ్చినవాళ్లను నేరుగా వాష్‌కి తీసుకెళ్లకండి. జుట్టు పొడిగా ఉన్నప్పుడే కూర్చోబెట్టి మాట్లాడండి.

“కలర్ వేయించారా?” అంటే చాలామంది లేదనే చెప్తారు. హెన్నాను, ఇంట్లో వేసుకునే నల్ల ప్యాకెట్‌ను వాళ్లు కలర్ కింద లెక్కెయ్యరు. అందుకే పేరు పెట్టి అడగండి. జుట్టు నెలకు సుమారు అరంగుళం పెరుగుతుంది. పన్నెండు అంగుళాలుంటే చివర్లకు రెండేళ్ల వయసు, అప్పటి హెన్నా ఇంకా అక్కడే ఉంటుంది. మన తిరుపతిలో ఇంకో సులువుంది: “కొండపైన గుండు ఎప్పుడు చేయించుకున్నారమ్మా?” అని అడగండి. అంతకుముందు వేసినవేవీ లెక్కలోకి రావు.

నల్ల ప్యాకెట్ వాడామంటే ఆ రోజు బ్లీచ్ వద్దు. కొన్నిటిలో లోహ లవణాలుంటాయి, జుట్టు వేడెక్కి తెగిపోతుంది. వెనక లోపలి నుంచి చిన్న పాయ కత్తిరించి టెస్ట్ చేయండి.

ఫోటో చూపిస్తే “ఇందులో మీకేం నచ్చింది?” అనండి. ఒక్కోసారి నచ్చింది కలర్ కాదు, కట్! చివరగా విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పి, రేటు చెప్పి, ఆవిడ సరేనన్నాకే బౌల్ కలపండి.