నానమ్మ పుస్తకం పని ఎంతవరకు వచ్చిందంటే

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులు.

నానమ్మ సంవత్సరీకానికి ఇంకా పది వారాల వ్యవధి ఉంది. ఆ రోజు వచ్చిన వారందరి చేతిలో పెట్టాలనుకున్న చిన్న పుస్తకం పని ఎక్కడిదాకా వచ్చిందో, అందులో నువ్వు చేయవలసింది ఏమిటో వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట నేను అడిగిన తీరే సరిగా లేదు. బంధువులకూ, పాత ఇరుగుపొరుగు వారికీ, మొత్తం నలభై మందికి, "అమ్మ గురించి మీకు గుర్తున్నది రాసి పంపండి" అని ఒకే సందేశం పెట్టాను. ఆరుగురు జవాబిచ్చారు. ఒకరు సాక్షాత్తు అన్నపూర్ణ అన్నారు, మరొకరు ఎంతో ఓర్పు గల మనిషి అన్నారు. అవన్నీ నిజమే అయినా, ఆ ఆరు కాగితాలు పక్కపక్కన పెట్టి చదివితే వాటిలో మా అమ్మ నాకు ఎక్కడా కనబడలేదు. ఆ తరువాత పద్ధతి మార్చి, ఒక్కొక్కరికి ఒక్కొక్క ఫొటో మాత్రమే పంపి, ఇది ఎక్కడ తీసింది, తీసింది ఎవరు, ఆ పూట ముందూ వెనుకా ఏం జరిగింది అని ఆ మూడే అడగడం మొదలుపెట్టాను.

కింది వాటాలో ఉండిన పిన్నిగారికి మన పాత ఇంటి మెట్ల ఫొటో పంపాను. అందులో నానమ్మ పక్కన ఒక ఇత్తడి బిందె ఉంది. పిన్నిగారు మనిషిని చూడకముందే బిందెను గుర్తుపట్టారు. వేసవిలో మంజీరా నీళ్లు తెల్లవారుజామున మూడింటికి వచ్చేవనీ, కొళాయి బుసబుసమనగానే నానమ్మ లేచి ఆ బిందె అంచు మీద గరిటెతో మూడు దెబ్బలు కొట్టి నాలుగు వాటాల వాళ్లనూ లేపేవారనీ, అందరూ పట్టుకున్నాక గానీ తన బిందె కొళాయి కింద పెట్టేవారు కాదనీ ఇరవై నిమిషాల పాటు చెప్పారు. ఆవిడ అనుమతితో ఫోనులో రికార్డు చేసుకుని, ఆవిడ అన్న మాటలు అన్నట్టుగానే రాశాను. "బుసబుస" అన్న మాట ఆవిడదే, దాన్ని మార్చవద్దు. రాసినదాన్ని ఆవిడకు చదివి వినిపించి, సరేనన్న తరువాతే పుస్తకంలో చేర్చాను. నువ్వు మాట్లాడబోయే వాళ్ల విషయంలోనూ ఇలాగే చెయ్యి.

ఇక ఫొటోల సంగతి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిన్నదైపోతుంది. తెర మీద బాగానే కనిపిస్తుంది కానీ, అచ్చు వేస్తే ముఖాలు పిండి పిండిగా వస్తాయి. అందుకని దాన్ని డాక్యుమెంట్‌గా పంపమని చెప్పు. పాత ఫొటోను ట్యూబులైటు కింద ఫోనుతో తీసి పంపితే మెరుపు పడుతుంది కనుక, వీలైనంత వరకు అసలు ఫొటోనే తెప్పించుకుని స్కాన్ చేయడం మంచిది. చేతిలో ఇమిడే మూడు అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల పొడవు గల ఫొటోను 600 డీపీఐలో స్కాన్ చేస్తే, 300 డీపీఐ అచ్చులో దానికి రెట్టింపు కొలతకు పెంచుకున్నా స్పష్టంగానే ఉంటుంది. ఎవరి ఫొటోలు వారి పేరు రాసిన కవరులో పెట్టి, స్కాన్ అయిన వెంటనే తిరిగి ఇచ్చేస్తున్నాను. ఫొటో వెనుక రాయవలసి వస్తే అంచున మెత్తని పెన్సిలుతో తేలికగా రాయాలి. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ఆ గీత ముందువైపు ఉబ్బుతుంది.

మీ అత్తయ్య ఇంట్లో నానమ్మ పెళ్లి ఫొటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. ఎడమ మూల అరచేతి మేర తడి మచ్చలాగా మెరుస్తూ కనిపించేది ఆ అతుకే. అత్తయ్య దాన్ని మెల్లగా లాగబోతుంటే నేను ఆపాను. బొమ్మ ఉండేది కాగితం మీది జిలాటిన్ పొరలో, అద్దానికి అంటుకున్నది కూడా ఆ పొరే కాబట్టి, లాగితే తాతయ్య ముఖం అద్దం మీదనే మిగిలిపోయేది. ఫ్రేము మాత్రం ఊడదీసి, అద్దంతో పాటే స్కానరు మీద బోర్లించి తీశాము. కొంచెం మసకగా వచ్చినా ఇద్దరి కళ్లూ తెలుస్తున్నాయి.

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది టాంక్‌బండ్ ఫొటోకు. అందులో నానమ్మ, బాబాయి రెయిలింగు పక్కన నిలబడి ఉన్నారు, నానమ్మ కొంగు పట్టుకుని ఒక పాప ఉంది, వెనుక హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధ విగ్రహం ఉంది. అది తను మొదటి ఉద్యోగానికి బొంబాయి వెళ్లే ముందు రోజు సాయంత్రం, 1989లో తీసిందనీ, ఆ పాప అత్తయ్య పెద్ద కూతురనీ, నానమ్మ ఆ రాత్రే పులిహోర పొట్లం కట్టిందనీ బాబాయి కళ్లనీళ్లతో చెప్పాడు. నేనూ అలాగే రాసుకున్నాను. అచ్చుకు ముందు మళ్లీ చూస్తుంటే విగ్రహం దగ్గర అనుమానం వచ్చింది. 1990 మార్చిలో దానిని పడవ మీద తీసుకువెళుతుండగా సాగరంలో మునిగిపోయింది కదా. రెండేళ్లకు పైగా నీళ్లలోనే ఉండి, 1992 డిసెంబరులో గాని పీఠం మీదికి చేరలేదు. కనుక ఆ ఫొటో 1989 నాటిది కాజాలదు. తరువాత పాప గౌను చూశాను. ముందు రెండు జేబులతో, ఒక జేబు కొంచెం కిందికి జారినట్టు కుట్టిన ఆ ఎర్ర గౌనులోనే నీ మూడో పుట్టినరోజు ఫొటో మన ఆల్బమ్‌లో ఉంది. ఆ పాపవు నువ్వే, అమ్మా. నువ్వు పుట్టింది 1990లో కాబట్టి అది 1993 ప్రాంతపు ఫొటో, బాబాయి సెలవులకు వచ్చినప్పటిది.

ఈ మాట చెబితే బాబాయి నొచ్చుకున్నాడు. తన కళ్ల ముందు జరిగిన దానిని నేను కాదంటున్నానని అనుకున్నాడు. నిజానికి ప్రయాణమూ జరిగింది, పులిహోర పొట్లమూ నిజమే, 1989 నాటి ఉద్యోగపు ఉత్తరం ఆయన దగ్గర ఇప్పటికీ ఉంది. నాలుగేళ్ల తరువాతి ఫొటో ఒకటి వచ్చి ఆ జ్ఞాపకానికి జత అయింది, అంతే. అందుచేత ఆయన కథను ఫొటో లేకుండా ఒక పేజీలోనూ, ఫొటోను "సుమారు 1993, టాంక్‌బండ్" అన్న వివరంతో మరొక పేజీలోనూ పెట్టాను. రెండూ చూపించిన తరువాత బాబాయి ఒప్పుకున్నాడు. సంవత్సరం రూఢిగా తెలియని ప్రతి చోటా "సుమారు" అనే వేస్తున్నాను. రేపు నీ పిల్లలు ఈ పుస్తకాన్నే ప్రమాణంగా తీసుకుంటారు.

నీకు అప్పగించే పనులు రెండు. నానమ్మ నీకు పంపిన వాయిస్ మెసేజ్‌లు నీ ఫోనులో ఉన్నాయన్నావు. వాటిలో ఆవకాయ కొలతలు చెప్పినదాన్ని మధ్యలో ఆగిన చోట్లతో సహా ఉన్నది ఉన్నట్టు రాసి పంపు. ఆ ఫైలుకు ఇంకొక కాపీ ఈ రోజే తీసి వేరే చోట దాచు. రెండవది ప్రూఫు. ఇక్కడి డీటీపీ వారు మన యూనికోడ్ అక్షరాలను తమ అను ఫాంటులోకి మార్చుకుంటారు, ఆ మార్పిడిలో ఒత్తులు అక్కడక్కడ పోతాయి, లేదా పక్క అక్షరం కిందికి చేరతాయి. తెలిసిన మాట కావడంతో కన్ను దాటిపోతుంది కనుక, నేను పంపే పీడీఎఫ్‌ను పైకి చదువుతూ, ముఖ్యంగా మనుషుల పేర్లూ ఊళ్ల పేర్లూ అసలుతో పోల్చి చూడు.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకం కాబట్టి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి. ఇప్పటికి ముప్ఫై తొమ్మిది అయ్యాయి. నలభయ్యోది నీకోసం ఖాళీగా ఉంచాను. ఎర్ర గౌను ఫొటో దీనితో పాటు పంపుతున్నాను. నానమ్మ దానిని ఏ గుడ్డతో కుట్టిందో నీకేమైనా గుర్తుంటే అక్కడి నుంచే మొదలుపెట్టు. నెలాఖరులోగా అందితే చాలు.

ఇట్లు,
మీ నాన్న