జిల్లా కలెక్టర్ గారికి: కోతుల్ని పట్టించే డబ్బుతో మా ఇళ్లకు మెష్ వేయించండి

గౌరవనీయులైన నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారాలు. వెలిగొండల కింద, అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో నేను 27 ఏళ్లుగా కిటికీ గ్రిల్స్, గేట్లు తయారుచేసే వెల్డింగ్ పని మీద బతుకుతున్నాను. కోతి ఇంట్లోకి ఏ దారిన దూరుతుందో, దేన్ని పట్టుకుని ఊపుతుందో, ఎక్కడ చేతకాక వెనక్కి పోతుందో రోజూ చూస్తూ ఉండే పని నాది. మా ప్రాంతం నుంచి కోతుల బాధ మీద తమకు ఎన్నో అర్జీలు అందే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం కోతుల్ని పట్టించి దూరంగా అడవిలో వదిలిపెట్టమనే అడిగి ఉంటాయి. నేను అడగదలచింది అది కాదు.

నిరుడు కార్తీకంలో ఒక తెల్లవారుజామున మా వంటింటి కిటికీలోంచి కోతిపిల్ల ఒకటి లోపలికి జారింది. ఆ గ్రిల్ నేను చేసిందే, కమ్మీకీ కమ్మీకీ మధ్య నాలుగున్నర అంగుళాల సందు ఉంది. పిల్ల గట్టు మీది అరటిపండ్ల హస్తాన్ని కిటికీ దాకా ఈడ్చుకుపోతే, బయట సన్‌షేడ్ మీద కాచుకుని ఉన్న పెద్దది చెయ్యి లోపలికి చాచి అందుకుంది. నా భార్య ఆ హస్తం రెండో కొసను పట్టుకుని వెనక్కి లాగింది. అంతే, ఆమె మణికట్టు మీద పళ్లు దిగాయి. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి ఆసుపత్రికి తీసుకుపోయాను. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు అని లెక్కపెట్టుకుంటూ రేబిస్ టీకాలు వేయించాను. కోతి చేతికి చిక్కిన తిండిని మళ్లీ లాక్కోకూడదనీ, దాని కళ్లలోకి సూటిగా చూడకూడదనీ, బయటికి పోయే దారికి అడ్డంగా నిలబడకూడదనీ మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా నేర్పింది ఆ తరువాతే.

అంతకు రెండేళ్ల ముందు మా పంచాయతీ తలకు ఇంత అని కూలి కట్టి కోతుల్ని పట్టించింది. బోనులో వేరుశనగ కాయలు చల్లి పట్టుకున్నారు, లారీలో తీసుకుపోయారు. రెండు నెలలు వీధి ప్రశాంతంగా ఉంది, మూడో నెలలో కొండ వైపు నుంచి వేరే గుంపు దిగింది. ఇందులో వింతేమీ లేదు. తిండి దొరికే చోటు ఖాళీ అయితే పక్క గుంపు వచ్చి దాన్ని ఆక్రమిస్తుంది. పైగా బోనుకు చిక్కకుండా మిగిలిన ఆడకోతులు ఏటా వేసవి ముందు ఈనుతూనే ఉంటాయి. పట్టుకుపోయిన వాటికి ఊరి తిండి అలవాటైపోయింది కాబట్టి అవి అడవిలో నిలవవు, దగ్గరలోని ఇంకో పల్లె మీద పడతాయి. మన బాధను ఇంకొకరి ఇంటికి పంపడానికి ప్రజాధనం ఖర్చు పెట్టడం నాకు న్యాయంగా తోచలేదు.

చట్టం కూడా ఈ దారికి అనుకూలంగా లేదు. తలమీద పాపిట తీసినట్టు జుట్టు, పొడవైన తోక ఉండే మన దక్షిణాది కోతిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2022లో చేసిన సవరణ మొదటి షెడ్యూలులో పెట్టింది. అటవీ శాఖ అనుమతి లేకుండా పట్టించడం నేరమవుతుందని చాలామంది సర్పంచులకు తెలియదు. కోతుల్ని బెదరగొట్టడానికి కొండముచ్చును తెచ్చి కట్టేయడమూ అంతే, అది కూడా రక్షిత జంతువే. కొండముచ్చు బొమ్మ ఉన్న ఫ్లెక్సీ మా వీధిలో తొమ్మిది రోజులు పనిచేసింది, పదో రోజు కోతులు దాని మీదే కూర్చుని పేలు చూసుకున్నాయి. టపాసుల సంగతీ అంతే. దెబ్బ తగలని చప్పుడుకు అవి త్వరగా అలవాటు పడిపోతాయి.

మరి ఏది నిలిచింది? మా వీధిలో 14 ఇళ్లున్నాయి. అందరం కలిసి కూర్చుని ప్రతి ఇంటి కిటికీలు, వెంటిలేటర్లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కంతలు, మేడ మెట్ల తలుపులు ఒక నోటుబుక్కులో రాసుకున్నాం. మొదట ఖర్చు తక్కువని దోమల మెష్ కొట్టాం, అది వారం కాకముందే గోళ్లతో చీలిపోయింది. తరువాత పొలాలకు కట్టే డైమండ్ మెష్ వేశాం. దాన్ని పట్టుకుని ఊపగా ఊపగా వదులై, మధ్యలో చెయ్యి దూరేంత సందు వచ్చింది. చివరికి ఒక అంగుళం గడి ఉన్న 14 గేజి జీఐ వెల్డ్ మెష్‌ను యాంగిల్ ఫ్రేములో బిగించి, ఆ ఫ్రేమును గ్రిల్‌కు లోపలి వైపున పెడితే నిలిచింది. లోపలి వైపు ఎందుకంటే, బయట పెడితే కోతి వేళ్లు దూర్చి అంచు పట్టుకుని బలమంతా పెట్టి లాగుతుంది. మెష్‌ను ఫ్రేముకు అతికే వెల్డింగ్ టాకాలు ఆరంగుళాలకు ఒకటి పడాలి. వెల్డింగ్ వేడికి జీఐ మెష్ మీది జింకు పూత కాలిపోతుంది కాబట్టి ప్రతి టాకా మీద ప్రైమర్ వెయ్యకపోతే రెండు వానాకాలాలకు అక్కడే తుప్పుపట్టి ఊడిపోతుంది. నాలుగడుగుల బై మూడడుగుల కిటికీకి కూలితో కలిపి మాకు 1,400 రూపాయలైంది. ఇంటికి కనీసం ఒక ఫ్రేముకు బందులు పెట్టి, లోపలి నుంచి గడియ తీసి తెరుచుకునేలా చేయాలి. నిప్పంటుకుంటే మనుషులు బయటపడే దారి మూసుకుపోకూడదు.

అయితే మొదట నాలుగు ఇళ్లకే మెష్ పడినప్పుడు మిగతా పది ఇళ్ల బాధ రెట్టింపయింది. గుంపు రావడం మానలేదు, పక్కింటికి జరిగింది, అంతే. ఇంతలో వీధిలో మాటా మాటా పెరిగింది కూడా. కప్పు గట్టిగా ఉన్న ఇళ్లన్నిటికీ ఒకే నెలలో పని ముగించిన తరువాత కోతులు వాటి పైకప్పుల మీద నుంచి నడిచి వెళ్లడమే గాని ఆగడం తగ్గింది. దానికి చెత్త బండి వేళ మారడం ఎంతో తోడ్పడింది. అంతకు ముందు బండి తొమ్మిదిన్నరకు వచ్చేది, ఆరింటికే జనం బకెట్లు అరుగుల మీద పెట్టేవారు. ఆ మూడున్నర గంటలూ కోతులకు వడ్డించిన విస్తరే. ఇప్పుడు బండి ఈల వినపడ్డాకే బకెట్ బయటికి వస్తుంది.

మాచేత కానిది పెంకుటిళ్ల పని. వీధి చివర ఐదు ఇళ్లకు కిటికీలు మూసినా ప్రయోజనం లేదు, కోతులు పెంకులు తొలగించి నేరుగా అటక మీదికి దిగుతాయి. ఆ ఇళ్లలో ఉన్నది కూలీలు, ఒంటరి ముసలివాళ్లు. పెంకులన్నీ దించి, వాసాల మీద వెల్డ్ మెష్ పరిచి కట్టి, మళ్లీ పెంకులు పేర్చాలి. ఆ ఖర్చు వాళ్లు భరించలేరు, వీధి చందాతోనూ తేలదు. కోతుల్ని పట్టించడానికి తీర్మానం చేసే ప్రతి పంచాయతీనీ ఆ మొత్తాన్ని ముందుగా ఇటువంటి ఇళ్లకు వాడమని తమరు ఆదేశించాలని కోరుతున్నాను.

ఇంకొక్క మనవి. కొండ దారిలో గుడికి వచ్చే భక్తులు శనివారం, మంగళవారం మా ఊరి మొదట్లోనే బండ్లు ఆపి పండ్లు, బిస్కట్లు విసురుతారు. వారి భక్తిని నేను తప్పుపట్టను, కానీ గుంపు మా వీధిని విడిచి పోకపోవడానికి ఆ రెండు రోజులే ఆధారం. అక్కడ బోర్డు పెడితే సరిపోదు, ఆ రెండు పూటలూ ఒక మనిషిని నిలబెట్టి చెప్పించాలి. దేవాదాయ శాఖ, పంచాయతీ కలిస్తే అది కష్టమేమీ కాదు.

కోతులు ఈనే కాలం ఫిబ్రవరిలో మొదలవుతుంది. పిల్లతల్లులు అటకల మీద చేరాక పెంకులు ఎక్కడం పనివాళ్లకు ప్రమాదం కాబట్టి, సంక్రాంతి లోపే ఆ ఐదు ఇళ్ల పని మొదలుపెట్టించమని ప్రార్థిస్తున్నాను. వాటి కొలతలు నా నోటుబుక్కులో ఉన్నాయి. మెష్ ఇప్పిస్తే చాలు, ఆ ఐదు ఇళ్లకూ నేను కూలి తీసుకోను.

ఇట్లు,
వెలిగొండల కింది ఊరిలో ఒక గ్రిల్స్ పనివాడు