రూపాయిని ఒకే రేటుకు కట్టెయ్యమనే ముందు

సంపాదకులు గారికి నమస్కారం.

డాలరు 90 రూపాయలు దాటినప్పటి నుంచి మీ లేఖల పేజీలో ఒక మాట పదే పదే కనబడుతోంది. "దుబాయ్ దిర్హామ్ రేటు పాతికేళ్లుగా కదల్లేదు. మన రూపాయిని కూడా అలాగే ఒక రేటు దగ్గర కట్టెయ్యొచ్చు కదా" అని. ఆ మాట రాసేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసి 2025లో రిటైరయ్యాను. చివరి పదేళ్లు విదేశీ మారకం కౌంటర్లోనే ఉన్నాను. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు, అమెరికాకు వెళ్లే ఫీజు రెండూ నా చేతుల మీదుగా నడిచాయి. ఈ కట్టెయ్యడం వెనక ఏముందో, అది తెగితే సామాన్యుడి ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పాలని రాస్తున్నాను.

ముందు దిర్హామ్ సంగతి. 1997 నుంచి డాలరుకు 3.6725 దిర్హామ్‌లు, అంతే. అది చట్టం చేసినంత మాత్రాన నిలిచిన రేటు కాదు. ఆ రేటుకు ఎవరు ఎన్ని డాలర్లు అడిగినా ఇస్తామని అక్కడి కేంద్ర బ్యాంకు నిలబడింది కాబట్టి నిలిచింది. అలా నిలబడాలంటే చేతిలో డాలర్లు ఉండాలి. వాళ్లు అమ్మే చమురుకు వచ్చేదే డాలర్లు. అయినా వాళ్లూ ఒకటి వదులుకున్నారు. 2022లో అమెరికా వడ్డీ రేట్లు పెంచుతూ పోతే, అక్కడి కేంద్ర బ్యాంకు కూడా వెంటవెంటనే పెంచింది. అక్కడి వ్యాపారానికి ఆ పెంపు అవసరమా కాదా అన్న ప్రశ్నకు తావు లేదు. రెండు చోట్లా వడ్డీలో తేడా ఉంటే డబ్బు ఎక్కువ వడ్డీ ఉన్న చోటికి పరుగెడుతుంది, కట్టిన రేటు మీద బరువు పడుతుంది.

మనకు చమురు అమ్మే రాత లేదు. వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా, వంటనూనెలో సగానికి పైగా మనమే బయట కొంటున్నాం. అంటే మనం డాలర్లు వెతుక్కునే వాళ్లం. అలాంటి దేశం రేటు కట్టేస్తే ఏమవుతుందో చూడటానికి ఎంతో దూరం వెళ్లక్కర్లేదు, పక్కనే శ్రీలంక ఉంది.

2021 సెప్టెంబరు నుంచి శ్రీలంక కేంద్ర బ్యాంకు డాలరును సుమారు 200 లంక రూపాయల దగ్గర పట్టి ఉంచింది. కరోనాతో టూరిస్టులు పోయారు, డాలర్ల రాక తగ్గింది, పాత అప్పుల కిస్తీలు మాత్రం ఆగలేదు. బయట డాలరు విలువ పెరిగింది, బ్యాంకు బోర్డు మీద మాత్రం అదే రేటు. గల్ఫ్‌లో పనిచేసే లంక మనిషిని తలచుకోండి. బ్యాంకు ద్వారా పంపితే డాలరుకు 200, హవాలా మనిషి ద్వారా పంపితే ఇంకా ఎక్కువ. ఇంట్లో పిల్లలున్నవాడు ఏ దారిన పంపుతాడు? 2020లో బ్యాంకుల ద్వారా 710 కోట్ల డాలర్లు వస్తే, 2021లో 550 కోట్లే వచ్చాయి. రేటును కాపాడబోయి, రేటును నిలబెట్టే డాలర్లనే తరిమేసుకున్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రేటు కట్టేసినన్నాళ్లూ ధర పెరగలేదు కదా అనిపిస్తుంది. నిజానికి ధర వేరే రూపంలో వచ్చింది. డాలర్లు లేక దిగుమతులు ఆగాయి. పాలపొడి డబ్బా దొరకలేదు, గ్యాస్ బండ కోసం, పెట్రోలు కోసం జనం క్యూలలో నిలబడ్డారు. 2022 మార్చిలో కాగితం లేక కొలంబో ఉన్న పశ్చిమ రాష్ట్రంలో స్కూలు పరీక్షలు వాయిదా వేశారు. పలుకుబడి ఉన్నవాడికి ఎలాగో దొరుకుతుంది. లేనివాడు ఆ పూట కూలి వదులుకుని క్యూలో నిలబడతాడు. కట్టిన రేటు గట్టిదా బలహీనమా అని తెలుసుకోవాలంటే బ్యాంకు బోర్డు చూడొద్దు. బయట రేటుకూ బోర్డు రేటుకూ మధ్య తేడా ఎంతో చూడండి, కొట్లలో సరుకు ఉందో లేదో చూడండి.

2022 మార్చి 7న కట్టు వదిలారు. మే నాటికి డాలరు 360 రూపాయల దాకా పోయింది. ఇప్పుడు పొదుపు సంగతి చూద్దాం. కొలంబోలో ఒక రిటైరైన టీచరు 10 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకున్నారనుకోండి. 200 రేటున ఆ డబ్బు 5,000 డాలర్లతో సమానం. 360 రేటున 2,800 డాలర్లు కూడా కాదు. పాస్‌బుక్‌లో మాత్రం 10 లక్షలు అలాగే ఉన్నాయి. ఆ సెప్టెంబరులో అక్కడ ధరల పెరుగుదల 70 శాతానికి చేరింది, తిండి సరుకులైతే 90 శాతం దాటింది. రోజూ కొంచెం కొంచెం మారాల్సిన రేటును నెలల తరబడి ఆపి, ఒక్కసారి జనం నెత్తిన వేస్తే జరిగేది ఇదే. కొంచెం కొంచెంగా తగ్గి ఉంటే ఆ టీచరుకు కనీసం సర్దుకునే టైమన్నా ఉండేది.

మనమూ కట్టేసి చూసినవాళ్లమే. 1966 జూన్ 6న డాలరు ఒక్కసారిగా 4.76 నుంచి 7.50 రూపాయలకు మారింది. 1991 జులైలో మూడు రోజుల్లోనే రెండుసార్లు రూపాయి విలువ తగ్గించారు, ఆ నెలలోనే 47 టన్నుల బంగారం తాకట్టుకు ఇంగ్లండు పంపారు. 1993 నుంచి రేటును మార్కెట్‌కు వదిలారు. ఆ రోజులు చూసినవాళ్లు మీ పాఠకుల్లో చాలామంది ఉంటారు.

మరి పూర్తిగా వదిలెయ్యమంటే? బ్రిటన్ అలాగే వదిలేస్తుంది. 2016 జూన్‌లో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని ఓటు వేసిన మర్నాటికే పౌండు ఎనిమిది శాతం దాకా పడిపోయింది. మరుసటి ఏడాది ధరలు కొంత పెరిగాయి, కానీ క్యూలు లేవు, బ్యాంకులు నిండా డబ్బుతోనే ఉన్నాయి. వాళ్ల ప్రభుత్వ అప్పుల్లో చాలా భాగం వాళ్ల పౌండ్లలోనే ఉంటుంది కాబట్టి వాళ్లు ఆ కుదుపు తట్టుకోగలరు. ముడి చమురు బిల్లు డాలర్లలో కట్టే మనకు ఒక్క రాత్రిలో ఎనిమిది శాతం అంటే చిన్న విషయం కాదు.

అందుకే మనది మధ్య దారి. రేటు మార్కెట్‌దే, కుదుపు ఎక్కువైతే రిజర్వ్ బ్యాంకు దిగుతుంది. ప్రభుత్వ బ్యాంకుల ద్వారా డాలర్లు అమ్మిస్తుంది, లేదా కొనిపిస్తుంది. 2021 సెప్టెంబరులో 64,000 కోట్ల డాలర్లు దాటిన నిల్వలు 2022 అక్టోబరుకు 52,500 కోట్ల దగ్గరికి వచ్చాయి. అందులో కొంత లెక్కల్లో విలువ మారడం వల్ల తగ్గింది, కొంత నిజంగా అమ్మడం వల్ల. అంత చేసినా డాలరు 74 నుంచి 82 దాటింది, కానీ ఏ ఒక్క రాత్రీ విరుచుకుపడలేదు. ఇదీ ఊరికే రాదు. డాలరు అమ్మినప్పుడల్లా అంత రూపాయి బ్యాంకుల నుంచి రిజర్వ్ బ్యాంకుకు పోతుంది. బ్యాంకుల దగ్గర డబ్బు బిగుసుకుంటే అప్పు దొరకడం కష్టమవుతుంది. అందుకే 2025 మొదట్లో ప్రభుత్వ బాండ్లు కొని ఆ రూపాయల్ని మళ్లీ బయటికి వదలాల్సి వచ్చింది.

ఈ మధ్య దారిలోనూ నాకు నచ్చనిది ఒకటుంది. 2023 అంతా డాలరు 82, 83 చుట్టుపక్కలే పెద్దగా కదలకుండా ఉంది. ఇది దాదాపు కట్టేసినట్టే ఉందని అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆ డిసెంబరులో అంది, రిజర్వ్ బ్యాంకు ఒప్పుకోలేదు. ఎవరి మాట సరైనదైనా, ఆ ప్రశాంతత చూసి జనం రేటు ఇక కదలదని అనుకున్నారు. ఆ ఏడాది ఒక తల్లి కొడుకు చదువు అప్పు కోసం మా కౌంటరుకు వచ్చింది. లెక్కంతా 83తోనే వేశారు. 2025 ఫిబ్రవరిలో చివరి సెమిస్టరు ఫీజు 15,000 డాలర్లు కట్టడానికి మళ్లీ వచ్చింది. డాలరు అప్పటికి 87. పర్సులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా ముందు పెట్టింది. దాని మీద పెన్సిల్‌తో 83 అని రాసి, గుండ్రంగా చుట్టి ఉంది. "సార్, మీరే రాసిచ్చిండ్రు కదా" అంది. అది నా చేతిరాతే. మొత్తం 60,000 రూపాయలు తక్కువైంది, అప్పు పరిమితి అయిపోయింది. ఆమె వెనక్కి వెళ్లి మూడో రోజు డబ్బుతో వచ్చింది. ఎక్కడి నుంచి తెచ్చిందో నేను అడగలేకపోయాను.

అదే ఊళ్లో ఇంకో ఇంట్లో రూపాయి ఇలా పడటమే ఆసరా. దుబాయ్ నుంచి ఒక మనిషి 1,500 దిర్హామ్‌లు పంపితే 2022 మొదట్లో ఇంట్లో 30,000 రూపాయలు అందితే, 90 రేటున 36,000 దాటుతుంది. భీమవరం రొయ్య అమ్మేవారికీ డాలరు పెరిగితే కొంత కలిసొస్తుంది. కానీ ఆ దుబాయ్ ఇల్లాలు కొనే పామాయిల్ కూడా డాలర్లలోనే కాకినాడ రేవుకు వస్తుంది. టన్ను 1,100 డాలర్లుంటే, రేటు 83 నుంచి 90కి మారినందుకే కిలోకు ఏడెనిమిది రూపాయలు పెరుగుతుంది. దిగుమతి సుంకం తగ్గిస్తే ఆ భారం కొంత తగ్గుతుంది. అందుకే నూనె ధర పెరిగిందని అడిగేటప్పుడు రూపాయితో పాటు సుంకం ఎంతో కూడా అడగాలి.

కాబట్టి రేటు కట్టెయ్యమని అడిగే బదులు, అది కదులుతుందని ముందే చెప్పి ఏర్పాటు చెయ్యమని అడుగుదాం. 2010లో 45 దగ్గరున్న డాలరు పదిహేనేళ్లలో రెట్టింపైంది, అంటే సగటున ఏడాదికి నాలుగైదు శాతం. విదేశీ చదువుకు అప్పిచ్చే బ్యాంకులు రెండేళ్ల కోర్సుకు ఇవాళ్టి రేటు మీద కనీసం పది శాతం ఎక్కువ వేసి పరిమితి మంజూరు చెయ్యాలి. వాడకపోతే ఆ డబ్బు తీసుకోనక్కర్లేదు, వడ్డీ పడదు. ఈ నిబంధన పెట్టమని రిజర్వ్ బ్యాంకును కోరుతున్నాను. మీ పత్రికకూ ఒక విన్నపం. రోజూ చివరి పేజీలో వేసే డాలరు రేటు పక్కన, పోయిన ఏడాది అదే రోజు రేటు కూడా వెయ్యండి. పెన్సిల్‌తో రాసుకుని వెళ్లేవాళ్లకు రెండు అంకెలూ కనబడతాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
జగిత్యాల